ఎన్‌ఓసీ ఉంది, సెలవు లేదు

జూలై ఆఖరి వారంలో ఒక కుర్ర ఇంజినీరు స్వీట్ ప్యాకెట్టు పట్టుకుని మా సెక్షన్‌కి వచ్చాడు. ఇంగ్లండ్‌లో ఎమ్మెస్సీ సీటు వచ్చింది, వీసా అయిపోయింది, సెప్టెంబరు రెండో వారంలో ప్రయాణం. "రిలీవింగ్ ఆర్డర్ ఎప్పుడిస్తారు సార్?" అన్నాడు. "లీవ్ శాంక్షన్ ఆర్డర్ ఏదయ్యా?" అన్నాను. ఫోల్డర్లోంచి జాగ్రత్తగా ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. మా ఆఫీసు ఇచ్చిందే. పై ఉద్యోగి విదేశీ విశ్వవిద్యాలయంలో ఉన్నత విద్య అభ్యసించడానికి ఈ కార్యాలయానికి అభ్యంతరం లేదని రెండు వాక్యాలు, కింద సంతకం, గుండ్రటి ముద్ర. సెలవు మాట అందులో ఎక్కడా లేదు. స్టడీ లీవ్ ఫైలు అసలు పుట్టనే లేదు.

అతను ఆ ఏడాది వెళ్లలేకపోయాడు. కట్టిన డిపాజిట్టు వెనక్కి రాలేదు. అప్లికేషన్‌లో అబద్ధం లేదు, ఆఫీసులో ఎవరికీ అతని మీద కోపమూ లేదు. అతను అడిగింది ఎన్‌ఓసీ, మేం ఇచ్చిందీ ఎన్‌ఓసీయే. అతనికి కావలసింది మాత్రం వేరే.

కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లలో చాలా ఏళ్లు ఇలాంటి ఫైళ్లు చూశాను. చదువుకోసం వెళ్లేవాళ్లు అందరూ 'ఎన్‌ఓసీ' అనే ఒక్క మాటతో మూడు వేర్వేరు కాగితాలను పిలుస్తుంటారు. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

మొదటిది పాస్‌పోర్టు కోసం ఇచ్చేది. దానికి పాస్‌పోర్టు శాఖ వాళ్ల నమూనా ఉంది, అనెక్షర్ జి. అది లేకపోయినా అనెక్షర్ హెచ్ నమూనాలో 'పాస్‌పోర్టుకు దరఖాస్తు చేస్తున్నాను' అని ఆఫీసుకు ముందుగా తెలియజేసి కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ కాగితానికీ చదువుకీ సంబంధం లేదు. రెండోది, చదువుకు అభ్యంతరం లేదనే ఉత్తరం. యూనివర్సిటీకి, స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్లకు చూపించడానికి పనికొస్తుంది. మూడోది సెలవు మంజూరు ఉత్తర్వు. జీతం, సర్వీసు, ఇంక్రిమెంటు, తిరిగొచ్చాక కూర్చునే కుర్చీ, అన్నీ ఈ మూడో దానిమీదే ఆధారపడి ఉంటాయి. రెండోది చేతికొస్తే మూడోది దానంతటదే వస్తుందని అనుకోవడమే మన కుర్రాడు చేసిన పొరపాటు.

ఇంకో అపోహ కూడా ఉంది. కేంద్ర ఉద్యోగులు సొంత పనిమీద విదేశాలకు వెళ్లడానికి అనుమతి అడిగితే 21 రోజుల్లో జవాబు చెప్పాలని, చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే భావించవచ్చని 2015లో సిబ్బంది శిక్షణ శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. దాన్ని పట్టుకుని 'మూడు వారాలైంది, జవాబు లేదు, ఇక ఫర్వాలేదు' అనుకునేవాళ్లున్నారు. ఆ ఉత్తర్వు ప్రయాణ అనుమతి గురించి. ఏడాది చదువుకు కావలసిన స్టడీ లీవ్ మౌనంతో మంజూరు కాదు.

మరి అడగవలసిన ఉత్తరం ఎలా ఉండాలి? ఒక కేసు తీసుకుని చూద్దాం. హైదరాబాద్‌లో కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో వరద హెచ్చరికల పని చూసే ఒక ఇంజినీరు ఉన్నారనుకోండి. ఏడేళ్ల సర్వీసు. ప్రొబేషన్ ఎప్పుడో పూర్తయింది. ఇంగ్లండ్‌లో వరద ముప్పు నిర్వహణ మీద ఏడాది ఎమ్మెస్సీకి సీటు వచ్చింది. సెప్టెంబరు 14న క్లాసులు మొదలై తర్వాతి సెప్టెంబరు 11న ముగుస్తాయి.

ఈవిడకు వర్తించేవి 1972 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల సెలవు నియమాలు. స్టడీ లీవ్ సంగతి అందులో 50 నుంచి 63 వరకు ఉంటుంది. చదివే విషయానికి ఉద్యోగంతో దగ్గరి, నేరైన సంబంధం ఉండాలి. ప్రొబేషన్‌తో కలిపి కనీసం 5 ఏళ్ల రెగ్యులర్ సర్వీసు ఉండాలి. తిరిగొచ్చిన 3 ఏళ్లలోపు రిటైరయ్యేవాళ్లకు ఇవ్వరు. మామూలుగా ఒకేసారి 12 నెలలు, సర్వీసు మొత్తంమీద 24 నెలలు దాటదు. ఇక్కడిదాకా మన ఇంజినీరుకు ఏ ఇబ్బందీ లేదు. ఇంగ్లండ్ ఎమ్మెస్సీ ఏడాదే కాబట్టి లెక్కలో ఇమిడిపోతుంది. రెండేళ్ల అమెరికా ఎమ్మెస్‌కు వెళ్లేవాళ్లు రెండో ఏడాదిని విడిగా సాధించుకోవలసి ఉంటుంది.

ఇబ్బంది పెట్టే నియమం ఇంకొకటుంది. మన దేశంలోనే తగిన సదుపాయాలున్న సబ్జెక్టులకు విదేశంలో చదవడానికి స్టడీ లీవ్ ఇవ్వకూడదు. ఫైలు ఎక్కడ ఆగినా ఇదిగో ఈ వాక్యం దగ్గరే ఆగుతుంది. వరదల గురించి చదవాలంటే రూర్కీ ఐఐటీలో హైడ్రాలజీ విభాగం ఉంది కదా, అక్కడికి వెళ్లొచ్చు కదా అని ఢిల్లీలో కూర్చున్న అధికారి మార్జిన్‌లో ఒక్క లైను రాస్తే చాలు. ఫైలు క్వెరీతో కిందికి దిగుతుంది. జవాబు రాసి మళ్లీ పైకెక్కించేసరికి నెలన్నర ఎగిరిపోతుంది.

అందుకే ఆ ప్రశ్నకు జవాబు మొదటి ఉత్తరంలోనే ఉండాలి. 'ప్రపంచ స్థాయి విశ్వవిద్యాలయం', 'అంతర్జాతీయ అనుభవం' లాంటి మాటలు నోట్ రాసే గుమాస్తాకు ఎందుకూ కొరగావు. అతనికి కావలసింది ఎత్తి రాసుకోవడానికి వీలైన వాక్యం. ఉదాహరణకు: "హైడ్రాలజీలో సాధారణ పీజీ కోర్సులు మన దేశంలో ఉన్నాయి. ఈ కోర్సులో సగభాగం తీరప్రాంతంలో సముద్రపు పోటు, నది వరద ఒకేసారి వచ్చినప్పుడు ముందస్తు అంచనా వేసే పద్ధతుల మీద ఉంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో నేను చేస్తున్న పని అదే. సిలబస్ జతచేశాను, సంబంధిత పేపర్లకు గుర్తు పెట్టాను." రూర్కీని దాచి రాస్తే పై అధికారి గుర్తుచేస్తాడు. మనమే చెప్పి, తేడా ఏమిటో చూపిస్తే ఆ క్వెరీ పుట్టదు. అయితే ఆ తేడా నిజంగా ఉండాలి. లేకపోతే ఎంత బాగా రాసినా స్టడీ లీవ్ రావడం కష్టం. జీతం లేని అసాధారణ సెలవు వైపు చూసుకోవడమే మంచిది.

కోర్సు ప్రజాప్రయోజనం దృష్ట్యా కచ్చితంగా ఉపయోగకరమని సెలవు మంజూరు చేసే అధికారి ధ్రువీకరించాలన్నది ఇంకో షరతు. ఈ ధ్రువీకరణ ఎక్కడో పైన పుట్టదు. మన దగ్గరి అధికారి ఫార్వార్డింగ్ లెటర్‌లో రాసే రెండు లైన్ల నుంచే పుడుతుంది. 'దరఖాస్తును తగు చర్య నిమిత్తం పంపడమైనది' అని మాత్రమే రాసి పంపిస్తే పైవాళ్లు దాన్ని సిఫార్సు లేనట్టుగానే చదువుతారు. కాబట్టి ఉత్తరం ఇన్‌వార్డ్‌లో పడేయకముందే ఆయన దగ్గరికెళ్లి, "సార్, ఏడాది పాటు నా పని ఎవరు చూస్తారనేది కూడా రాశాను, ఒకసారి చూడండి" అని కూర్చుని మాట్లాడాలి. అధికారి భయం మీ చదువు గురించి కాదు. వచ్చే జూలైలో గోదావరి పొంగినప్పుడు రాత్రి డ్యూటీలో ఎవరుంటారన్నదే ఆయన బెంగ.

ఇక ఉత్తరం. ఆఫీసుల్లో ఇది ఇంగ్లిషులోనో హిందీలోనో నడుస్తుంది, సారం తెలుగులో ఇస్తున్నాను.

"విషయం: విదేశంలో ఏడాది ఎమ్మెస్సీ కోర్సు. అభ్యంతరం లేదనే పత్రం, 12 నెలల స్టడీ లీవ్, విదేశీ ప్రయాణ అనుమతి కోసం అభ్యర్థన.

అయ్యా, నేను ఫలానా తేదీన సర్వీసులో చేరాను. ప్రొబేషన్ ఫలానా తేదీన పూర్తయింది. ఇంతవరకు స్టడీ లీవ్ వాడుకోలేదు. నాకు పై కోర్సులో సీటు ఇస్తామని విశ్వవిద్యాలయం తెలియజేసింది (ప్రతి జతచేశాను). కోర్సు సెప్టెంబరు 14 నుంచి వచ్చే ఏడాది సెప్టెంబరు 11 వరకు. చివరి పరీక్ష థీసిస్ సమర్పణ.

సెప్టెంబరు 14 నుంచి వచ్చే సెప్టెంబరు 11 వరకు స్టడీ లీవ్, దానికి ముందు ప్రయాణానికి సెప్టెంబరు 7 నుంచి 13 వరకు ఆర్జిత సెలవు మంజూరు చేయమని కోరుతున్నాను. ఫీజు, ప్రయాణ ఖర్చులు నేనే భరిస్తాను. డబ్బు సొంత పొదుపు, బ్యాంకు విద్యారుణం నుంచి వస్తుంది. నా మీద శాఖాపరమైన విచారణ గానీ విజిలెన్స్ కేసు గానీ లేవు. తిరిగివచ్చాక 3 ఏళ్లు పనిచేస్తానని నిర్ణీత నమూనాలో బాండు రాసిస్తాను.

విశ్వవిద్యాలయం సీటు ఖరారుకు డిపాజిట్టు కట్టవలసిన గడువు మే 31. అంతకుముందే తమ నిర్ణయం తెలియజేయమని ప్రార్థన."

చూశారుగా, విషయం లైనులోనే మూడు అడిగాం. మొదటి పేజీ తిప్పకముందే ఇది ఏ నియమం కింద పెట్టాల్సిన ఫైలో గుమాస్తాకు అర్థమవుతుంది. తేదీలన్నీ ఉన్నాయి. కోర్సు పేరు, చివరి పరీక్ష స్పష్టంగా చెప్పాలని నియమమే అంటోంది. డబ్బు ఎక్కడిదో రాశాం, ఎందుకంటే విదేశీ ప్రయాణ అనుమతి ఫారంలో ఆ గడి ఎలాగూ ఉంటుంది. అన్నిటికన్నా పనికొచ్చేది చివరి వాక్యం. గడువు లేని దరఖాస్తు బల్లమీద ఎన్నాళ్లైనా పడి ఉంటుంది. "వీలైనంత త్వరగా" అని రాస్తే లాభం లేదు. మే 31 అని ఉంటే, దాన్ని దాటించడానికి ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాలి.

రాయకూడనివి కూడా కొన్నున్నాయి. "అనుమతి ఇవ్వకపోతే నా భవిష్యత్తు దెబ్బతింటుంది" అన్న మాట ఎందరో రాస్తారు. అది నిజమే కావచ్చు గానీ, నోట్‌లో దానికి చోటు లేదు. స్టడీ లీవ్ ఇచ్చేది శాఖ ప్రయోజనం కోసం. కోర్సు తర్వాత రెండేళ్లు అక్కడే పని చేసుకునే వీసా వస్తుందని ఆశ పడుతూ అదే ఉత్తరంతో పాటు యూనివర్సిటీ బ్రోషర్ మొత్తం జతచేసిన మహానుభావుణ్ణి కూడా చూశాను. 'కోర్సు తర్వాత ఉద్యోగావకాశాలు' పేజీ మీద పై అధికారి ఎర్ర ఇంకుతో గీత గీసి పంపాడు.

బాండు గురించి తేలిగ్గా అనుకోవద్దు. విదేశంలో స్టడీ లీవ్‌లో ఉండగా బయల్దేరేముందు తీసుకున్న జీతం, డీఏతో సహా వస్తుంది. మన ఇంజినీరుకు నెలకు లక్ష అనుకుంటే ఏడాదికి 12 లక్షలు. తిరిగొచ్చిన 3 ఏళ్లలోపు రాజీనామా చేస్తే ఆ 12 లక్షలు, శాఖ పెట్టిన ఇతర ఖర్చులేమైనా ఉంటే అవి, వడ్డీతో కలిపి కడితేగానీ రాజీనామా ఆమోదించరు. అసలు తిరిగి రాకపోయినా అంతే. చాలామంది చదవని మాట ఒకటి ఇందులోనే ఉంది. కోర్సు పూర్తి చేయలేకపోయినా డబ్బు వెనక్కి కట్టాలి. ఒక పేపరు పోయి డిగ్రీ బదులు డిప్లొమాతో తిరిగొస్తే, అది మన మార్కుల లెక్కలో చిన్న విషయమైనా ఆఫీసు లెక్కలో కోర్సు పూర్తికానట్టే కావచ్చు. అలాంటి ప్రమాదం కనిపించినప్పుడు సెప్టెంబరులో దిగాక చెప్పడం కాకుండా, అక్కడి నుంచే రాసి సెలవు పొడిగింపు అడగాలి.

స్టడీ లీవ్ రాకపోతే అసాధారణ సెలవు మిగులుతుంది. జీతం ఉండదు. అది అడిగేటప్పుడు ఉత్తరంలో ఒక మాట తప్పకుండా చేర్చండి: 'ఉన్నత శాస్త్ర, సాంకేతిక విద్య కోసం' అని. ఆ కారణంతో ఇచ్చిన అసాధారణ సెలవును ఇంక్రిమెంటుకు లెక్కించే వీలుంది. 'సొంత పనుల మీద' అని ఆర్డర్‌లో పడితే ఆ ఏడాది ఇంక్రిమెంటు లెక్కలోంచి జారిపోతుంది. సర్వీసు రిజిస్టర్‌లో ఎక్కిన ఆ మూడు మాటలను పదేళ్ల తర్వాత మార్పించడానికి ఎందరు రిటైరయ్యే ముందు సెక్షన్ చుట్టూ తిరుగుతారో మాకు తెలుసు.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు స్టడీ లీవ్ ఫండమెంటల్ రూల్ 84 కింద నడుస్తుంది, ఫైలు శాఖాధిపతి మీదుగా సచివాలయానికి పోతుంది. జీతం షరతులు కేంద్రం లాగే ఉంటాయనుకోకుండా మీ శాఖలో కనుక్కోండి. సెలవు మంజూరు కాకుండా వెళ్లిపోతే జరిగేది మాత్రం ఇక్కడ ఇంకా కఠినం. అనుమతి లేకుండా ఏడాదికి మించి గైరుహాజరైతే రాజీనామా చేసినట్టు భావించవచ్చని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆర్థిక శాఖ 2007లోనే ఉత్తర్వు ఇచ్చింది. ఏడాది ఎమ్మెస్సీ, ఆపైన థీసిస్ ఆలస్యం, టికెట్ ఆలస్యం కలిస్తే ఆ గీత దాటడం ఎంతసేపు?

ప్రైవేటు కంపెనీల్లో ఇవేవీ ఉండవు. స్టడీ లీవ్ హక్కేమీ కాదు, కంపెనీ పాలసీలో ఉంటే ఉన్నట్టు. అందుకే అక్కడ ఎన్‌ఓసీలో ఉన్న ప్రతి వాక్యం చదవాలి. 'చదువుకోవడానికి అభ్యంతరం లేదు' అన్నంత మాత్రాన తిరిగొస్తే ఉద్యోగం ఉంటుందని కాదు. జీతం లేని సెలవు ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఆరోగ్య బీమా కొనసాగుతుందా, తిరిగి చేరే తేదీ ఏది అన్నవి హెచ్‌ఆర్ నుంచి ఉత్తరంగానో ఈమెయిల్‌గానో తీసుకోవాలి. ఉద్యోగం చేస్తూనే విదేశీ యూనివర్సిటీలో ఆన్‌లైన్ మాస్టర్స్ చేసేవాళ్లు ఇంకోటి అడిగించుకోవాలి: కంపెనీ డేటాను ప్రాజెక్టులో వాడకూడదు, చేసిన ప్రాజెక్టు ఎవరిది అన్నది ముందే తేలాలి. అపాయింట్‌మెంట్ లెటర్‌లో చిన్న అక్షరాల్లో దీని గురించి ఏదో ఒకటి రాసే ఉంటుంది.

మళ్లీ మన ఇంజినీరు దగ్గరికి వద్దాం. సెప్టెంబరు క్లాసులకు ఆవిడ జనవరిలోనే, షరతులతో కూడిన ఆఫర్ రాగానే ఉత్తరం ఇన్‌వార్డ్‌లో వేయాలి. దరఖాస్తు పై అధికారి ద్వారానే వెళ్లాలి. ఒక ప్రతి మీద ఇన్‌వార్డ్ ముద్ర, తేదీ, నంబరు వేయించుకుని దగ్గర పెట్టుకోవాలి. ఫిబ్రవరిలో ప్రాంతీయ కార్యాలయం, మార్చిలో ఢిల్లీ, ఆపైన సెలవు అర్హత గురించి అకౌంట్స్ ఆఫీసు నివేదిక, విజిలెన్స్ క్లియరెన్స్. బాండు రాసివ్వడం. అన్నీ సాఫీగా సాగితే మే నాటికి మంజూరు వస్తుంది. బ్రిటన్ విద్యార్థి వీసాకు కోర్సు మొదలయ్యే తేదీకి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, ఎన్‌ఓసీ దానికి తప్పనిసరి పత్రం కాదు. అందుకే వీసా ఆఫీసు ఎవరినీ ఆపదు, మన కుర్రాడిని ఆపనట్టే. వీసా చేతిలో ఉండి సెలవు లేని వింత పరిస్థితి వచ్చేది ఇలాగే.

డిపాజిట్టు గడువు మంజూరుకన్నా ముందే వచ్చేస్తే ఏం చేయాలి? యూనివర్సిటీ రిఫండ్ నిబంధనల పేజీ తెరిచి చదవండి. సాధారణంగా వీసా తిరస్కరణకు డబ్బు వెనక్కి ఇస్తారు. 'యజమాని సెలవు ఇవ్వలేదు' అన్న కారణం ఆ జాబితాలో మామూలుగా కనిపించదు. గడువు పెంచమని అడ్మిషన్స్ ఆఫీసుకు ఈమెయిల్ పెడితే, ఆఫీసు నుంచి జవాబు రావాల్సి ఉందని ఇన్‌వార్డ్ ప్రతి జతచేస్తే, రెండు మూడు వారాలు ఇచ్చే చోట్లు ఉన్నాయి. అడగనివాళ్లకు ఎవరూ ఇవ్వరు.

మా సెక్షన్‌కి స్వీట్లు తెచ్చిన కుర్రాడు ఆ తర్వాత అదే పని చేశాడు. సీటును ఏడాది వాయిదా వేయించుకుని, జనవరిలో కొత్త ఉత్తరం పెట్టాడు. ఈసారి విషయం లైనులో మూడూ ఉన్నాయి. మే నెలాఖరుకు లీవ్ ఆర్డర్ వచ్చింది. ఆగస్టు చివర్లో ఛార్జి అప్పగించి రిలీవ్ అయ్యాడు. మీరు ఈ సెప్టెంబరుకే వెళ్లాలనుకుంటూ ఏప్రిల్ దాకా ఉత్తరం పెట్టకుండా ఉంటే, ఆఫీసుకు దరఖాస్తు ఇచ్చిన రోజే యూనివర్సిటీకి వాయిదా కోసం కూడా ఒక ఈమెయిల్ రాసి పెట్టుకోండి.